మనుచరిత్రలో ‘మును వచ్చిన త్రోవ’: ఆరు ఆశ్వాసాల పొడవునా ఒక వాదనను పట్టుకోవడం

ప్రశ్న: మాది గుణుపురం. పదో తరగతి వరకూ ఒడియాలో చదువుకుని ఇప్పుడు దూరవిద్యలో తెలుగు ఎం.ఏ. చేస్తున్నాను. మనుచరిత్ర నిర్మాణం గురించి వ్యాసం రాసి పంపితే, ‘ఆశ్వాసాల వారీగా కథ చెప్పారు, వాదన ఏది?’ అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపారు. కథ చెప్పకుండా నిర్మాణం గురించి ఎలా రాయాలి? కావ్యమంతటా మళ్ళీ మళ్ళీ వచ్చే వాదన ఒకటి ఉంటుందంటారు, దాన్ని ఎక్కడ పట్టుకోవాలి మాస్టారూ?

సమాధానం:

ఆ ఎర్ర సిరా నాకూ తెలుసు. పర్లాకిమిడిలో పిల్లలకు పాఠం చెప్పిన ఏళ్ళలో అదే మాట నేను ఎందరి వ్యాసాల మీద రాశానో లెక్క లేదు. అంతకు ముందు నా వ్యాసం మీద కూడా ఒకరు రాశారు. నౌపడా నుంచి గుణుపురం రైలెక్కి, ఏ స్టేషను తరువాత ఏ స్టేషను వచ్చిందో వరసగా అప్పచెప్పినట్టు ఉంటాయి అలాంటి వ్యాసాలు. అప్పచెప్పిన దానిలో తప్పేమీ ఉండదు, ఎవరు ఎందుకు ప్రయాణం చేశారన్నది మాత్రం తెలియదు.

మీకు ఒడియా చదువు ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఉపేంద్ర భంజ కావ్యాన్ని ఛాందాలుగా విభజించాడు. ఛాందం మారితే రాగం మారుతుంది. పాడేవాడి గొంతే ‘ఇక్కడ ఒక భాగం ముగిసింది’ అని చెప్పేస్తుంది. సంస్కృత మహాకావ్యంలో సర్గ చాలావరకు ఒకే వృత్తంలో నడిచి చివర వృత్తం మారుతుంది, అదీ ఒక గంటే. తెలుగు ఆశ్వాసంలో ఇలాంటి గంట లేదు. ఉత్పలమాల, కందం, సీసం, గీతం, వచనం కలగలిసి నడుస్తాయి. ఆశ్వాసం మొదటా చివరా కృతిపతిని, అంటే ఇక్కడ కృష్ణదేవరాయలను, సంబోధించే పద్యాలు ఉంటాయి. చివర గద్యం ఉంటుంది. ఆ హద్దు కవికీ రాజుకూ మధ్య ఉన్న మర్యాద హద్దు. వాదన అక్కడే ముగియాలని ఏమీ లేదు, చాలాసార్లు ముగియదు కూడా. మీ వ్యాసం ఆశ్వాసాల వారీగా సాగడంతో ఆ మర్యాద హద్దులనే నిర్మాణం అనుకున్నారు.

మరి కీళ్ళు ఎక్కడ ఉన్నాయి? వచనాల్లో. పద్యాలు నోటికి వస్తాయి కాబట్టి అందరూ పద్యాల మీద పడతారు, వచనాన్ని దాటేస్తారు. కానీ ప్రబంధంలో కాలం మారేది, చోటు మారేది, ఒకరు వెళ్ళి మరొకరు వచ్చేది ఎక్కువగా వచనంలోనే. ఒక నోటుపుస్తకం తీసుకుని, పద్యాలు చదవకుండా, ఆరు ఆశ్వాసాల్లోని వచనాలు మాత్రమే చదవండి. ఒక్కో వచనానికి ఒక్క వాక్యం రాయండి: ఎవరు వచ్చారు, ఎక్కడికి, ఎవరు మాట్లాడబోతున్నారు. కొన్నిచోట్ల ఆ పని చిన్న కందం చేస్తుంది, ‘అనుటయు ప్రవరుం డిట్లను’ అని మొదలయ్యేలాంటిది. దాన్నీ లెక్కలోకి తీసుకోండి. మీకు తెలుగు చదవడం ఇంకా నెమ్మదిగా ఉందనుకుంటాను, అయినా నాలుగైదు సాయంత్రాల్లో అయిపోతుంది.

ఈ పని మొదలుపెట్టగానే ఒక వింత కనబడుతుంది. కథ చెబుతున్నది ఎవరు? జైమిని ముని అడిగాడు, పక్షులు చెప్పాయి. మార్కండేయుడు క్రోష్టికి చెప్పిన విధంగా మళ్ళీ చెబుతున్నాం అన్నాయి. అంటే మనుచరిత్ర మొత్తం పక్షుల నోట విన్న కథ. ఆరవ ఆశ్వాసంలో హంస, చక్రవాకం మాట్లాడుకుంటూ కథానాయకుణ్ణి తప్పుపట్టే చోటు వచ్చినప్పుడు ఈ సంగతి మీకు గుర్తుండాలి. వచనాలను దాటేసినవాళ్ళకు గుర్తుండదు.

కీళ్ళు దొరికాక వాదన. ‘మనుచరిత్రలో ధర్మం, కామం’ అని మీరు రాశారనే అనుకుంటున్నాను, అందరూ రాస్తారు. అది విషయం పేరు మాత్రమే, వాదన కాదు. వాదన అంటే ఒకరు కాదనగలిగే పూర్తి వాక్యం. కావ్యంలోనే ఎవరో ఒకరు దాన్ని పైకి అని ఉండాలి, మరొకరు కాదని ఉండాలి, తరువాత కథ దాన్ని పరీక్షకు పెట్టి ఉండాలి. అలాంటి వాక్యం మనుచరిత్రలో, హిమాలయం మీద దారి తప్పిన బ్రాహ్మణుడు ప్రవరుణ్ణి వలచిన అప్సరస వరూధిని నోట ఉంది. రెండవ ఆశ్వాసంలోని ఈ పద్యం మీరు తప్పకుండా చదివే ఉంటారు:

ఎందే డెందము కందళించు రహిచే నేకాగ్రతన్ నిర్వృతిం
జెందుం గుంభగత ప్రదీపకళికాశ్రీ దోప నెందెందు బో
కెందే నింద్రియముల్ సుఖంబు గను నా యింపే పరబ్రహ్మ ‘మా
నందో బ్రహ్మ’ యటన్న ప్రాజదువు నంతర్బుద్ధి నూహింపుమా!

దీన్ని ముందు మీ మాటల్లో ఒక్క వాక్యంగా రాయండి. నా వాక్యం ఇది: ‘మనసు ఎక్కడ ఏకాగ్రమై నిలిచి ఇంద్రియాలు సుఖపడతాయో ఆ సుఖమే బ్రహ్మం, వేదం చెప్పిన ఆనందం ఇదే.’ ఇప్పుడు దీనిలోని ముక్కలు విడదీయండి. కుండలోని దీపం అనేది యోగుల ఉపమానానికి దగ్గరిది. గాలి తగలని చోట కదలని దీపం అని భగవద్గీత ఆరవ అధ్యాయం యోగి మనసు గురించి చెబుతుంది. వరూధిని ఆ దీపాన్ని తెచ్చి కోరిక పక్కన పెట్టింది. ‘ఆనందో బ్రహ్మ’ తైత్తిరీయోపనిషత్తులో భృగువల్లి లోనిది. అక్కడ భృగువు ఒక్కసారిగా ఆ మాట దగ్గరకు చేరలేదు. అన్నం బ్రహ్మం అనుకున్నాడు, తపస్సు చేశాడు. ప్రాణం అనుకున్నాడు, మళ్ళీ తపస్సు చేశాడు. మనస్సు, విజ్ఞానం అయ్యాక చివర ఆనందం. వరూధిని మెట్లన్నీ తీసేసి పై మెట్టు ఒక్కటే చూపిస్తోంది. అబద్ధం చెప్పలేదు, దారి చెప్పలేదు, అంతే.

ఆ ‘దారి’ అన్న మాట దగ్గరే ఆగండి, ఎందుకంటే కొంచెం వెనక్కి వెళితే ఇద్దరి మొదటి మాటల్లోనే అది ఉంది. ప్రవరుడు ఆమెను ఏమని పలకరించాడు? ‘త్రోవ తప్పితిం గ్రొవ్వున నిన్నగాగ్రమునకుం జనుదెంచి’ అన్నాడు, ‘తెరు వెద్ది?’ అని అడిగాడు. కొవ్వెక్కి ఈ కొండకు వచ్చి దారి తప్పాను అని తానే ఒప్పుకుంటున్నాడు. ఆమె జవాబు: ‘ఇంతలు కన్నులుండ తెరు వెవ్వరి వేడెదు భూసురేంద్ర!’ ఆ తరువాత, ‘నీ వెఱుగవే మును వచ్చిన త్రోవ చొప్పు?’

అంత పెద్ద కళ్ళున్నాయి, వచ్చిన దారి జాడ నీకు తెలియదా అని ఆమె వేళాకోళమాడుతోంది. పాఠం చెప్పేటప్పుడు అందరూ ఇక్కడ శృంగారం, చమత్కారం అని చెప్పి ముందుకు వెళ్ళిపోతారు. ఒక్క క్షణం ఆ ప్రశ్నను నిజం ప్రశ్నగా తీసుకోండి. వచ్చిన దారి ప్రవరుడికి ఎందుకు తెలియదు? నడిచి రాలేదు కాబట్టి. సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకుని వచ్చాడు. ఆ పసరు మంచుకు కరిగిపోయింది. అడుగు వేసి ఎక్కినవాడికి కొండ దిగే జాడ ఉంటుంది, ఇతనికి లేదు. ఆమె వేళాకోళంగా అన్నది అక్షరాలా నిజమై కూర్చుంది.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టండి. మెట్లు లేకుండా ఆనందాన్ని చేరవచ్చు అంటోంది వరూధిని. ‘నువ్వు చెప్పేది తప్పు’ అంటున్న ప్రవరుడు స్వయంగా దారి నడవకుండా హిమాలయం చేరినవాడు. వాదనలో ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు, చేతలో మాత్రం ఒకరికొకరు దగ్గరే. ఈ ముడి దొరికితే వ్యాసానికి వెన్నెముక దొరికినట్టే. నేనైతే దాన్ని ఇలా రాసుకుంటాను: ‘దారి నడవకుండా చేరిన చోటు మనదవుతుందా అన్న ప్రశ్నను మనుచరిత్ర మనిషి మార్చి మనిషి చేత అడిగిస్తుంది.’ మీరు వేరేలా రాసుకోవచ్చు. కానీ ఒక్క వాక్యంలో పట్టాలి, ఎవరైనా కాదనడానికి వీలుండాలి.

తరువాతి పని, ఈ ప్రశ్న మళ్ళీ ఎక్కడ వస్తుందో చూడటం. వచ్చిన ప్రతిచోటా ఒక చీటీ రాయండి. ఎవరు అంటున్నారు, ఎవరితో, దానివల్ల తమకేం కావాలి, ఏ మాటలతో, అన్నాక ఏమైంది. చివరి గడి చాలామంది ఖాళీగా వదిలేస్తారు, అసలు సంగతి అక్కడే ఉంటుంది. పాత్ర చెప్పింది కవి మాట కాదు. వరూధిని పద్యం అందంగా ఉంది కాబట్టి పెద్దన అభిప్రాయం అదే అని రాసినవాళ్ళను చూశాను. ప్రవరుడు నిష్ఠాపరుడు కాబట్టి అతని మాటే కవి మాట అన్నవాళ్ళనూ చూశాను. ‘అన్నాక ఏమైంది’ అన్న గడి నింపితే రెండు పొరపాట్లూ తప్పుతాయి.

ప్రవరుడి చీటీతో మొదలుపెడదాం. అతను చివరకు ఎలా బయటపడ్డాడు? అగ్నిని వేడుకున్నాడు. ‘దాన జపాగ్నిహోత్ర పరతంత్రుడనేని, భవత్పదాంబుజ ధ్యాన రతుండనేని, పరదార ధనాదుల గోరనేని’ అని మూడు ‘ఏని’లు. నేను ఇలాంటివాణ్ణే అయితే, సూర్యుడు పడమటి సముద్రంలో కుంకకముందే నన్ను ఇల్లు చేర్చు అని. ఇక్కడా అతను నడవలేదు. అయితే వచ్చేటప్పుడు అరువు పసరు మోసింది, వెళ్ళేటప్పుడు రోజూ తాను చేసిన అగ్నిహోత్రం మోసింది. ‘ఏని’ అన్న ప్రత్యయాన్ని గమనించండి. అతను అడుగుతున్నది వరం కాదు, తన బతుకును పరీక్షకు పెడుతున్నాడు. ఈ రెండు ప్రయాణాల తేడా మీద ఒక పేరా రాయవచ్చు, రాయాలి.

మూడవ ఆశ్వాసంలో వరూధినిని కోరిన గంధర్వుడు ప్రవరుడి రూపం వేసుకుని వస్తాడు. ప్రవరుడికి అరువు పాదాలైతే వీడిది అరువు దేహం. వరూధిని కోరుకున్న సుఖం దొరికింది, కానీ పొందులో కళ్ళు మూసుకోవాలని వాడు షరతు పెట్టాడు. ‘ఇంతలు కన్నులుండ’ అని ఎదుటివాణ్ణి ఎగతాళి చేసిన ఆమె తన కళ్ళు మూసుకోవలసి వచ్చింది. కుండలో దీపం గుర్తుంది కదా? ఆమె ఆ ఉపమానం చెప్పినప్పుడు దీపం కదలదన్నదే చూసింది. కుండలో పెట్టిన దీపం బయట ఏముందో చూపించదు కూడా. మూడవ ఆశ్వాసం ఆమె ఉపమానంలోని రెండో సగాన్ని ఆమెకే చూపిస్తుంది. ఇది నా చదువు, పెద్దన ఎక్కడా ‘అందువల్ల’ అని రాయలేదు. వ్యాసంలో మీరు ఇలాంటిది చెప్పేటప్పుడు ‘అని చదవవచ్చు’ అన్న మాట వాడండి, రెండు చోట్లా ఉన్న మాటలను ఉదాహరించండి.

నాలుగు, అయిదు ఆశ్వాసాల దగ్గర మీకు కష్టం వస్తుంది. వేట, వర్ణనలు, పెళ్ళి. వాదన కనబడదు. కనబడనప్పుడు కనబడలేదనే రాసుకోండి, బలవంతంగా పిండవద్దు. కానీ మధ్యలో ఇందీవరాక్షుడి కథ ఉంది, దాన్ని ఉపకథ అని పక్కన పెట్టకండి. ఆయుర్వేదం నేర్పమంటే గురువు నేర్పలేదు. చాటున దాగి, వేరే శిష్యులకు చెబుతుంటే విని నేర్చుకున్నాడు. విద్య వచ్చింది, దానితో శాపమూ వచ్చి రాక్షసుడయ్యాడు. ఆ రాక్షసుడు తినడానికి వెంటపడుతున్న పిల్ల మనోరమ, అతని సొంత కూతురే. శిష్యరికం లేకుండా విద్యను చేరినవాడికి చివరకు కన్నబిడ్డను పోల్చుకునే తెలివి పోయింది. సిద్ధుడి పసరు, గంధర్వుడి రూపం, ఇందీవరాక్షుడి వైద్యం, ఈ మూడూ ఒకే కుటుంబంలోని మాటలు. చీటీలు బల్ల మీద పరిచినప్పుడే ఈ చుట్టరికం తెలుస్తుంది, పేజీ వరసలో చదువుతుంటే తెలియదు.

వరూధిని కొడుకు స్వరోచి దగ్గర మన వాక్యం కొంచెం వంగుతుంది. అతనికీ విద్యలన్నీ నడవకుండానే వచ్చాయి. మనోరమ అస్త్రహృదయం ఇచ్చింది, శాపం తీరిన ఇందీవరాక్షుడు ఆయుర్వేదం ఇచ్చాడు. ఆ వైద్యంతో మనోరమ చెలికత్తెలు ఇద్దరి రోగాలు కుదిర్చి వాళ్ళనూ పెళ్ళాడితే, విభావసి జంతువుల, పక్షుల భాష తెలిసే విద్య ఇచ్చింది, కళావతి పద్మినీ విద్య ఇచ్చింది. దొంగిలించినవి కావు, ఇచ్చినవి. పైగా వాటితో మేలు చేశాడు. అంటే ‘నడవకుండా చేరినదంతా చెడ్డది’ అని కావ్యం అంటోందని మీరు రాస్తే స్వరోచి వచ్చి మీ వాక్యాన్ని పడగొడతాడు. ఇలా పడగొట్టేదాన్ని దాచవద్దు. వ్యాసం మధ్యలో దానికే ఒక పేరా ఇవ్వండి: అరువుకీ దొంగతనానికీ కానుకకీ ఈ కావ్యం తేడా చూపుతోంది, కానుక కూడా తన మూల్యం తరువాత అడుగుతుంది. ఎలా అడుగుతుందో ఆరవ ఆశ్వాసం చెబుతుంది.

పక్షుల భాష తెలిసినందువల్లనే స్వరోచి తన గురించి పక్షులు ఏమనుకుంటున్నాయో విన్నాడు. ముగ్గురు భార్యలతో విహరిస్తున్న అతన్ని చూసి హంస అదృష్టవంతుడంటుంది. చక్రవాకం ఒప్పుకోదు. ఒకరి మనసు ముగ్గురి మధ్య పంచుకుపోతే అది ప్రేమ ఎలా అవుతుంది, ఒకరికొకరమైన మాదే ధన్యత అంటుంది. తరువాత ఒక మగజింక, చుట్టూ మూగిన ఆడజింకలను విదిలించుకుంటూ, నేనేమీ స్వరోచిని కాను పొమ్మంటుంది. ఒకసారి విన్నది చాలలేదు కాబట్టి కవి రెండోసారి వినిపించాడు. ఇప్పుడు వరూధిని పద్యానికి తిరిగి వెళ్ళండి. మొదటి పాదంలో ఏముంది? ‘ఏకాగ్రతన్’. చక్రవాకం అడుగుతున్నదీ అదే: ఏకాగ్రత ఏది? సుఖం తప్పని ఆ పక్షి అనడం లేదు. వరూధిని చెప్పిన సిద్ధాంతంలో ఉన్న షరతునే ఆమె కొడుకు ముందు పెడుతోంది. తల్లి వాదాన్ని కొడుకు బతికి చూపించాడు, ఆ వాదంలోని ఒక మాటతోనే అతనికి తప్పు పడింది. రెండవ ఆశ్వాసంలో ప్రవరుడు ఇవ్వలేని జవాబు ఇది. అతను వ్రతం, విప్రధర్మం అన్నాడు, ఆమె మాటలోకి దిగి జవాబు చెప్పలేదు. నాలుగు ఆశ్వాసాల తరువాత ఒక పక్షి చెప్పింది.

మీ మొదటి వ్యాసంలో ప్రవరుడి జవాబుతోనే వాదన ముగిసిందని రాసి ఉంటారు. ముగియలేదు.

ఇక వెతకడంలో ఎదురయ్యే ఇబ్బంది ఒకటి చెబుతాను. మా అల్లుడు కంప్యూటర్‌లో మనుచరిత్ర పాఠం పెట్టిచ్చి, ‘ఆనందో అని కొట్టండి మామయ్యా, ఎక్కడెక్కడ ఉందో అదే చూపిస్తుంది’ అన్నాడు. కొట్టాను. పై పద్యమే దొరకలేదు! ఎందుకంటే అక్కడ సంధి కలిసి, పాదం విరిగి, ‘మా’ ఒక పాదంలోనూ ‘నందో’ మరొక పాదంలోనూ పడ్డాయి. అరసున్న పెట్టిన ప్రతిలో ‘త్రోవఁ’ ఒకలా, తీసేసిన ప్రతిలో మరొకలా ఉంటుంది. ‘తెరువు’ అని వెతికితే ‘తెరు వెద్ది’ రాదు, ‘దెరువు’ అని సరళంగా మారిన రూపం రాదు. కాబట్టి మాట మొత్తం కాకుండా మధ్యలో మారని ముక్కను వెతకండి: ‘నంద’, ‘రోవ’, ‘ెరు’ లాంటివి. అనవసరమైనవి చాలా వస్తాయి, ఏరుకోవాలి. పర్యాయపదాల పట్టీ ఒకటి ముందే రాసి పెట్టుకోండి. దారికి త్రోవ, తెరువు, బాట, మార్గం, పథం. సుఖానికి ఇంపు, రహి, నిర్వృతి, ఆనందం. ఒకే పద్యంలో పెద్దన సుఖానికి ఎన్ని మాటలు వాడాడో పైన చూశారు కదా. ఇంత చేసినా కంప్యూటర్ చెప్పనిది ఒకటుంటుంది: కళ్ళు మూసుకోవడం ‘ఇంతలు కన్నులుండ’కు జవాబని అది చెప్పదు. అందుకే చీటీలు చేత్తో రాయమంటున్నాను.

వ్యాసం అమరిక. ఆశ్వాసాల వరస వదిలేయండి. మొదటి పేరా ‘మును వచ్చిన త్రోవ చొప్పు’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టి మీ ఒక్క వాక్యం చెప్పాలి. తరువాత ‘ఎందే డెందము’ పద్యం, దానికి ఎక్కువ చోటు ఇవ్వండి, రెండు పేజీలైనా ఫరవాలేదు. తరువాత అరువు, దొంగతనం: ప్రవరుడు, గంధర్వుడు, ఇందీవరాక్షుడు ఒకే చోట, మూడు ఆశ్వాసాల నుంచి. ఆ వెనక మీ వాక్యానికి అడ్డొచ్చే స్వరోచి. చివర చక్రవాకం. వర్ణనలకు ఒక పేరాకు మించి వద్దు. ఈ అమరికలో కథ తెలియనివాడికి ఇబ్బంది అవుతుందేమో అని భయపడకండి. దిద్దేవారికి కథ తెలుసు. పేరా ఎలా ఉండాలో ఒక నమూనా ఇస్తాను, దీన్ని ఎత్తి రాయకండి:

‘దారి జాడ తెలియదా అని వరూధిని అడిగినప్పుడు ప్రవరుడు జవాబు చెప్పడు. చెప్పడానికి జాడ లేదు. పసరు కరిగిపోయింది. ఇందీవరాక్షుడి కథలో ఇదే స్థితి మరింత కఠినంగా తిరిగి వస్తుంది. ప్రవరుడికి ఇంటి దారి తెలియకుండా పోతే, ఇందీవరాక్షుడికి ఇంటి బిడ్డే తెలియకుండా పోయింది. మొదటివాడు అరువు తెచ్చుకున్నాడు, రెండవవాడు దొంగిలించాడు. శిక్షలోని ఈ ఎచ్చుతగ్గులను బట్టి కావ్యం రెండింటినీ ఒకే తూకం వేయలేదని చెప్పవచ్చు.’

ఇందులో కథ ఎంత ఉంది? రెండు మూడు ముక్కలు. మిగిలినదంతా రెండు చోట్ల మధ్య ఉన్న సంబంధం. మీ పేరాలో ‘తరువాత’, ‘ఆ పిమ్మట’ అన్న మాటలు ఎక్కువ కనబడితే కథ చెబుతున్నట్టు. ‘అయితే’, ‘ఇదే మాట’, ‘దీనికి భిన్నంగా’ కనబడితే వాదన నడుస్తున్నట్టు. పంపేముందు పెన్సిలుతో ఆ మాటల కింద గీతలు గీసి చూసుకోండి.

అభ్యంతరం ఒకటి ముందే ఊహించండి. ‘ఈ కథ మార్కండేయ పురాణంలో ఉన్నదే, తెలుగులో మారన రాసినదే, పెద్దన కల్పించినదేముంది?’ అని మీ పరీక్షకులు అడగవచ్చు. కళ్ళు మూసుకునే షరతు, ఇందీవరాక్షుడి శాపం, చక్రవాకం మాటలు పురాణంలోనూ ఉన్నాయి, నిజమే. పెద్దన పని అమరికలోనూ నిష్పత్తిలోనూ చూపండి. మనువుకు తండ్రి కూడా కాని ప్రవరుడికి కావ్యంలో అంత చోటు ఎందుకు ఇచ్చాడు? ఉపనిషత్తు మాటను వరూధిని నోట పెట్టి ఆమె వాదానికి అంత బలం ఎందుకు ఇచ్చాడు? మారన మార్కండేయ పురాణం దొరికితే ఆ ఒక్క సంభాషణ పక్కపక్కన పెట్టి చదవండి. మొత్తం పోల్చే పని పెట్టుకోకండి, అది వేరే వ్యాసం అవుతుంది.

పద్యాల సంఖ్యలు ముద్రణను బట్టి మారుతుంటాయి. ఆశ్వాసం సంఖ్య, పద్యం సంఖ్య, పద్యం మొదటి మాట మూడూ ఇవ్వండి, మీరు వాడిన ప్రతి ఏదో మొదటిసారి చెప్పండి. నాలుగో ఆశ్వాసం వచనాల దగ్గర చిక్కుకుంటే, అక్కడ మీరు రాసుకున్న వాక్యాలు ఎలా ఉన్నా సరే, దిద్దకుండా పంపండి. వేటకు ముందున్నవీ తరువాతవీ కలిపి చూద్దాం.